పరిమితుల పేరా ఎలా రాయాలి: అనంతపురం బోరు నీళ్లు, బడిపిల్లల పళ్లు ఉదాహరణగా

ప్రతి ఏడాది థీసిస్‌ల గడువు దగ్గర పడేసరికి కర్నూలులో నా దగ్గరికి వచ్చే పీజీ విద్యార్థుల చేతుల్లో డిస్కషన్ విభాగం దాదాపు పూర్తయి ఉంటుంది. పరిమితుల పేరా మాత్రం చివరి రాత్రి చేర్చినట్టు ఉంటుంది. నిరుడు ఒక విద్యార్థిని తెచ్చిన పేరా ఇంచుమించు ఇలా ఉంది: "మా అధ్యయనానికి అనేక పరిమితులు ఉన్నాయి. శాంపుల్ చిన్నది. ఇది క్రాస్ సెక్షనల్ అధ్యయనం కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేము. రీకాల్ బయాస్ ఉండవచ్చు. ఈ ఫలితాలను అందరికీ వర్తింపజేయలేము. మరిన్ని పెద్ద అధ్యయనాలు అవసరం."

ఈ ఆరు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా వీటిని తీసుకెళ్లి రక్తహీనత మీద రాసిన థీసిస్ కింద పెట్టినా, పొగాకు అలవాటు మీద రాసిన థీసిస్ కింద పెట్టినా అతికిపోతాయి. ఎండలో ఊళ్లు తిరిగి ఆమె సేకరించిన అంకెల్లో ఏది నిలుస్తుందో, ఏది ఎంతవరకు నిలుస్తుందో వీటి వల్ల తెలియదు. ఇలాంటి పేరా చదివిన పరీక్షకుడు, తన డేటాలో బలహీనత ఎక్కడుందో రచయితకు తెలియదనైనా అనుకుంటాడు, తెలిసి కూడా మొక్కుబడిగా దాటేశారనైనా అనుకుంటాడు. అధ్యయనం మీద నమ్మకం సడలేది అక్కడే. పరిమితి ఏ అంకెను తాకుతుందో, ఆ అంకెను ఏ వైపు నెడుతుందో, సుమారు ఎంత నెడుతుందో చెప్పిన రచయిత మీద మాత్రం నమ్మకం పెరుగుతుంది. పరిశీలనాత్మక అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే స్ట్రోబ్ మార్గదర్శకాలు 2007లో వెలువడ్డాయి. వాటిలోని 22 అంశాల్లో 19వది సరిగ్గా ఇదే అడుగుతుంది: బయాస్‌కు, అస్పష్టతకు మూలాలను చెప్పండి, ఆ బయాస్ దిశనూ పరిమాణాన్నీ చర్చించండి అని. మన థీసిస్‌లలో మూలాల పేర్లు కనిపిస్తాయి కానీ దిశ, పరిమాణం అరుదుగా కనిపిస్తాయి.

ఆ విద్యార్థిని పనిని ఇక్కడ బయటపెట్టడం సబబు కాదు కాబట్టి, అదే తరహా అధ్యయనాన్ని ఒకదాన్ని నేనే ఊహించి, అంకెలు కూడా నేనే వేసి చూపిస్తాను. ఇవి నిజమైన అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి వేసినవి. అనంతపురం ప్రాంతంలోని పది ఊళ్లలో ప్రభుత్వ బడుల్లో చదువుతున్న 12 ఏళ్ల పిల్లలు 400 మంది. ఒక డెంటల్ డాక్టరు బడిలోనే వాళ్ల పళ్లు చూసి, డీన్స్ ఇండెక్స్ ప్రకారం ఫ్లోరోసిస్ స్థాయి వేశారు. పిల్లల ఇళ్లలో ఇప్పుడు తాగుతున్న నీళ్ల నమూనా తెచ్చి ఫ్లోరైడ్ కొలిచారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీళ్లు తాగుతున్నవారు 200 మంది, అంతకు లోపల ఉన్నవారు 200 మంది. మొదటి గుంపులో 124 మందికి, అంటే 62 శాతానికి, ఫ్లోరోసిస్ ఉంది. రెండో గుంపులో 56 మందికి, అంటే 28 శాతానికి ఉంది. నిష్పత్తి 2.2. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 1.7 నుంచి 2.8 వరకు.

మీ థీసిస్ ఇంగ్లీషులో ఉంటుంది, నేను తెలుగులో చూపిస్తున్నాను. వాక్యాల క్రమం మాత్రం రెండింట్లోనూ ఒకటే.

ముందు మీ నిర్ధారణలను విడి కాగితం మీద రాసుకోండి

పరిమితులను తలచుకోవడానికి ముందే, మీ అధ్యయనం చివరికి ఏమేమి చెబుతోందో ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. పై ఉదాహరణలో మూడు మాటలు ఉన్నాయి. ఒకటి, ఈ పిల్లల్లో 45 శాతానికి దంత ఫ్లోరోసిస్ ఉంది, అంటే 400 మందిలో 180 మందికి. రెండు, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగే ఇళ్ల పిల్లల్లో అది 2.2 రెట్లు ఎక్కువ. మూడు, కాబట్టి ఇంట్లో తాగే నీళ్లను మారిస్తే ఈ సమస్య తగ్గుతుంది.

ఈ మూడూ ఒకే బలం ఉన్న మాటలు కావు, ఒకే పరిమితి మూడింటినీ ఒకే విధంగా తాకదు. ప్రైవేటు బడుల పిల్లలు అధ్యయనంలో లేకపోవడం మొదటి మాటను గట్టిగా తాకుతుంది, రెండోదాన్ని అంతగా తాకదు. నీళ్లను ఇప్పుడే కొలవడం రెండోదాన్ని తాకుతుంది, మొదటిదాన్ని అసలు తాకదు, ఎందుకంటే ఆ 45 శాతం పళ్లను మాత్రమే చూసి వేసినది. "మా ఫలితాలకు పరిమితులు ఉన్నాయి" అని గంపగుత్తగా రాసినప్పుడు, చెక్కుచెదరకుండా ఉన్న మాట కూడా పాడైన మాటతో పాటు కొట్టుకుపోతుంది. అందుకని ప్రతి పరిమితి పక్కన అది తాకే మాట అంకెను, ఒకటో రెండో మూడో, వేసుకోండి. ఏ అంకె పక్కనా చేరని పరిమితి ఉంటే దాన్ని పేరాలో రాయనక్కరలేదు.

సరిదిద్దగలిగినదాన్ని పరిమితిగా రాయవద్దు

ఒకే ఊరి పిల్లలు ఒకే బోరు నీళ్లు తాగుతారు, ఒకే రకం తిండి తింటారు, కాబట్టి వాళ్ల పళ్లు కూడా కొంతవరకు ఒకేలా ఉంటాయి. ఆ పోలికను లెక్కలోకి తీసుకోకుండా, 400 మందీ ఒకరితో ఒకరికి సంబంధం లేనివారన్నట్టు లెక్కవేస్తే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఉండాల్సినదానికంటే ఇరుకుగా వస్తుంది. నేను పైన చూపిన 1.7 నుంచి 2.8 అలా వచ్చినదే. చాలామంది దీన్ని "క్లస్టరింగ్‌ను పరిగణనలోకి తీసుకోకపోవడం మా పరిమితి" అని రాసి ఊరుకుంటారు. డేటా షీట్‌లో ఊరి పేరు ఉన్న కాలమ్ ఉన్నంతవరకు అది పరిమితి కాదు, మిగిలిపోయిన పని. స్టాటిస్టీషియన్ దగ్గర కూర్చుని ఊరిని క్లస్టర్‌గా పెట్టి మళ్లీ లెక్క వేయించండి. ఇంటర్వల్ వెడల్పు అయితే ఆ వెడల్పయిన ఇంటర్వల్‌నే ఫలితాల విభాగంలో రాయండి. అప్పుడు పరిమితుల పేరాలో దాని ఊసే ఉండదు. సరిదిద్దే వీలున్న లోపాన్ని ఒప్పుకోలుగా రాసినవారిని పరీక్షకులు మెచ్చుకోరు. ఎందుకు సరిదిద్దలేదని అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

"శాంపుల్ చిన్నది" అనే వాక్యం కూడా ఇలాంటిదే. శాంపుల్ చిన్నదైతే దాని ప్రభావం ఇంటర్వల్ వెడల్పులో ఇప్పటికే కనబడుతోంది. ఆ వెడల్పు చూపించాక మళ్లీ చిన్నదని వాపోతే, మీరు ముందే వేసుకున్న శాంపుల్ సైజ్ లెక్కను మీరే నమ్మనట్టు అవుతుంది. ఒక ఉపవిభాగంలో నిజంగా మనుషులు తక్కువైతే ఆ ఉపవిభాగం పేరు చెప్పి రాయండి: ఉదాహరణకు, సివియర్ స్థాయి పిల్లలు ఆరుగురే ఉన్నందువల్ల ఆ స్థాయికి విడిగా నిష్పత్తి వేయలేదు అని.

పరిమితి ఏ దారిన ఫలితాన్ని చేరుతుందో ఆ దారి చూపించండి

అసలు పని ఇక్కడ ఉంది కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. మన ఉదాహరణలో పెద్ద పరిమితి నీళ్లకు, పళ్లకు మధ్య ఉన్న కాలం తేడా. శాశ్వత దంతాల మీది ఎనామిల్, జ్ఞానదంతాలను మినహాయిస్తే, సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపల తయారవుతుంది. ముందు పళ్లకైతే ఇంకా ముందే. ఆ ఏళ్లలో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడే మచ్చగా మిగులుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు ఈ రోజు తాగుతున్న నీళ్లు అతని పళ్ల మీద ఉన్న మచ్చకు కారణం కాలేవు. మనం కొలిచింది మాత్రం ఈ రోజు నీళ్లను.

చాలా థీసిస్‌లలో ఈ విషయం "క్రాస్ సెక్షనల్ అధ్యయనం కాబట్టి కారణం తేల్చలేము" అనే ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆ వాక్యం పాఠ్యపుస్తకంలో ఉన్నదే, దాని వల్ల మీ ఊళ్ల గురించి చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. దాని బదులు, మీ ఊళ్లలో నీళ్లు ఎలా మారాయో గుర్తుచేసుకోండి. మన ప్రాంతంలో బోరు నీళ్లు పనికిరావని తెలిసిన ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాన్ ఇంటికి తెచ్చుకోవడం అలవాటైంది. అయితే ఒక ఊళ్లో అందరూ ఒకేసారి క్యాన్‌కు మారలేదు. ఎవరు ముందు మారి ఉంటారని ఇంటింటికీ తిరిగినవారిని అడిగితే, బిడ్డకు ఏడెనిమిదేళ్ల వయసులో వచ్చిన కొత్త పళ్ల మీద గార చూసి భయపడిన తల్లిదండ్రులు ముందు మారారని చెబుతారు. అంటే ఇక్కడ నీళ్ల వల్ల పళ్లు పాడవడమే కాదు, పాడైన పళ్ల వల్ల నీళ్లు మారడం కూడా జరిగింది. క్రాస్ సెక్షనల్ అనే మాట వెనక దాగి ఉన్న అసలు చిక్కు ఇది, మీ పేరాలో ఉండాల్సిన విషయం కూడా ఇదే.

ఇప్పుడు దిశ చూడండి. చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి, మచ్చలు వచ్చాక క్యాన్‌కు మారిన పిల్లవాడు మన లెక్కలో తక్కువ ఫ్లోరైడ్ గుంపులో కూర్చున్నాడు. మచ్చలతో సహా వచ్చి కూర్చున్నాడు. దానివల్ల ఆ గుంపులో ఫ్లోరోసిస్ శాతం పెరిగి, రెండు గుంపుల మధ్య తేడా తగ్గి కనిపిస్తుంది. కాబట్టి 2.2 అనే నిష్పత్తి అసలుకంటే తక్కువగా వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. కొలతలో పొరపాటు ఉంటే నిష్పత్తి ఎప్పుడూ ఒకటి వైపే, అంటే తేడా లేదనే వైపే, జరుగుతుందని కొందరు కంఠస్థం చేసినట్టు రాస్తారు. ఆ సూత్రం కొన్ని షరతుల మీదే నిలుస్తుంది. మన కేసులో పొరపాటు పళ్ల స్థితితో ముడిపడి ఉంది కాబట్టి ఆ సూత్రం ఇక్కడ పనికిరాదు. ఫలితం ఒకటి వైపు జరిగిందని మనం చెప్పగలుగుతున్నది సూత్రం తెలిసినందువల్ల కాదు, ఇళ్లలో జరిగిన మార్పు తెలిసినందువల్ల. రాసేటప్పుడు ఈ తేడా చూపించండి.

ఇక పరిమాణం. ప్రశ్నావళిలో "ఈ నీళ్లు ఎప్పటినుంచి తాగుతున్నారు" అనే ప్రశ్న ఉందనుకుందాం. తక్కువ ఫ్లోరైడ్ గుంపులోని 200 మందిలో 30 మంది గత నాలుగేళ్లలోనే క్యాన్‌కు మారారు, వారిలో 18 మందికి ఫ్లోరోసిస్ ఉంది. ఈ 30 మందిని పక్కన పెడితే మిగిలిన 170 మందిలో 38 మందికి, అంటే 22 శాతానికి మాత్రమే ఫ్లోరోసిస్ ఉంది. 62ను 22తో పోల్చినప్పుడు నిష్పత్తి 2.2 నుంచి సుమారు 2.8కి పెరుగుతుంది. మన ఊహ చెప్పిన దిశలోనే లెక్క కూడా కదిలింది. ఈ ఒక్క లెక్క చూపించాక ఆ పరిమితి ఇక భయపెట్టేది కాదు, కొలత తెలిసినది అవుతుంది.

అలాగని 2.8నే ప్రధాన ఫలితంగా పైకి తెచ్చి పెట్టవద్దు. ముందుగా అనుకున్న విశ్లేషణ 2.2 ఇచ్చింది, అదే ప్రధాన ఫలితంగా ఉండాలి. 2.8 దాని పక్కన నిలబడి తోడు చెప్పే అంకె మాత్రమే. ఇంకొక మాట కూడా కలపాలి: క్యాన్ నీళ్లు తాగే ఇళ్లలో కూడా అన్నం, పప్పు బోరు నీళ్లతోనే వండేవారు ఉంటారు. ఆ ఫ్లోరైడ్‌ను మనం కొలవలేదు. దాని దిశ కూడా తేడాను తగ్గించే వైపే ఉంటుందని చెప్పగలం, ఎంత అని చెప్పలేం. చెప్పలేనప్పుడు "పరిమాణాన్ని మా డేటాతో అంచనా వేయలేకపోయాము" అని సూటిగా రాయండి.

మీకు ఎదురు వచ్చే పరిమితిని దాచవద్దు

ఇంతవరకు చూసినది మన ఫలితానికి అనుకూలమైన పరిమితి: అది లేకపోతే తేడా ఇంకా పెద్దగా ఉండేదని చెబుతుంది. పేరా మొత్తం ఇలాంటివాటితోనే నింపితే, పరిమితుల పేరుతో తమ పనిని తామే పొగుడుకుంటున్నారని చదివేవారు పసిగడతారు. అందుకని ఫలితాన్ని లేనిపోని విధంగా పెంచే పరిమితి ఏదైనా ఉందా అని పట్టుబట్టి వెతకండి. మన ఉదాహరణలో ఉంది. పళ్లు చూసిన డాక్టరుకు ఏ ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువో ముందే తెలుసు.

డీన్స్ ఇండెక్స్‌లో నార్మల్, క్వశ్చనబుల్, వెరీ మైల్డ్, మైల్డ్, మోడరేట్, సివియర్ అని ఆరు స్థాయిలు ఉన్నాయి. క్వశ్చనబుల్‌కు, వెరీ మైల్డ్‌కు మధ్య గీత చాలా సన్నది. వెరీ మైల్డ్ అంటే పంటి మీద నాలుగో వంతుకు మించని మేర కాగితంలా తెల్లని మచ్చలు. బడి వరండాలో, కిటికీ వెలుతురులో, తడి ఆరని పంటి మీద ఆ మచ్చ ఉందా లేదా అన్నది చూసేవారి మనసును బట్టి కూడా మారుతుంది. ఫ్లోరైడ్ ఊరని తెలిసినప్పుడు అనుమానం ఉన్న పన్ను వెరీ మైల్డ్ అవుతుంది, మంచినీళ్ల ఊళ్లో అదే పన్ను క్వశ్చనబుల్‌గా మిగిలిపోతుంది. మన అధ్యయనం వెరీ మైల్డ్ నుంచి పైవాటిని ఫ్లోరోసిస్‌గా లెక్కించింది కాబట్టి, ఈ పరిమితి 2.2ను పెంచే వైపు పనిచేస్తుంది.

దీనికి ఉత్తమమైన పరిష్కారం ఫొటోలు తీసి, ఊరి పేరు తెలియని రెండో డాక్టరుతో స్థాయి వేయించడం. ఫొటోలు లేకపోతే చేతిలో ఉన్న డేటాతోనే ఒక పరీక్ష పెట్టవచ్చు. మోడరేట్, సివియర్ స్థాయిల్లో పంటి ఉపరితలమంతా దెబ్బతిని, తరచు గోధుమరంగు మరక కూడా కనబడుతుంది కాబట్టి అక్కడ చూపు మోసపోయే అవకాశం తక్కువ. ఆ రెండు స్థాయిలను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. ఎక్కువ ఫ్లోరైడ్ గుంపులో 44 మంది, అంటే 22 శాతం. తక్కువ ఫ్లోరైడ్ గుంపులో 15 మంది, అంటే 7.5 శాతం. నిష్పత్తి 2.9. డాక్టరుకు ముందే తెలిసి ఉండడం ఒక్కటే ఈ తేడాకు కారణమైతే, పొరపాటుకు తావు తక్కువగా ఉన్న చోట తేడా కూడా కరిగిపోవాలి. అది కరగలేదు. అందువల్ల పరిమితి ఉంది, అది 2.2ను కొంత పెంచి ఉండవచ్చు, కానీ మొత్తం తేడాను అది వివరించలేదు అని రాసే హక్కు మీకు వచ్చింది.

ఒకవేళ తేడా కరిగిపోయి ఉంటే ఏం చేయాలని విద్యార్థులు అడుగుతారు. అప్పుడు పరిమితుల పేరాలో ఎంత నేర్పుగా రాసినా లాభం లేదు. ఫ్లోరోసిస్ 2.2 రెట్లు అనే రెండో మాటనే తగ్గించి, తేలికపాటి మచ్చల్లో కనిపించిన తేడా పరీక్షించిన తీరు వల్ల వచ్చినదై ఉండవచ్చని ప్రధాన ఫలితం దగ్గరే చెప్పాలి. డిస్కషన్ మొదట్లో పెద్ద మాట చెప్పి, చివర పరిమితుల్లో దాన్ని వెనక్కి తీసుకోవడం కంటే, నిలబడే చిన్న మాటను మొదటినుంచీ చెప్పడం మేలు. నా అనుభవంలో ఒక పత్రికకు పంపిన మా వ్యాసం సరిగ్గా ఈ కారణంతోనే తిరిగి వచ్చింది. రచయితలు నాలుగో పేజీలో చెప్పినదాన్ని ఆరో పేజీలో తామే కాదంటున్నారని సమీక్షకుడు రాశారు. ఆయన మాట న్యాయమైనదే. మేము పరిమితిని కాదు, ప్రధాన వాక్యాన్ని తిరగరాసి పంపాము.

ఎవరికి వర్తిస్తుందో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి

ఈ భాగం చిన్నది. ప్రభుత్వ బడుల పిల్లలనే చూశాము. స్తోమత ఉన్నవారు పిల్లలను ప్రైవేటు బడికి పంపుతారు, క్యాన్ నీళ్లు కొనగలిగేదీ వారే. కాబట్టి 45 శాతం అనేది జిల్లా పిల్లలందరి లెక్క కాదు, బహుశా అసలుకంటే ఎక్కువ. సుగ్గికి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఆ రోజు బడిలో లేకపోతే, హాజరు పట్టీలో ఎందరు ఉన్నారు, ఎందరిని చూడగలిగారు అనే రెండు అంకెలు ఇవ్వండి. వలస వెళ్లిన పిల్లలు ఏడాదిలో కొన్ని నెలలు వేరే ఊరి నీళ్లు తాగుతారు కాబట్టి వాళ్లు లేకపోవడం ఏ వైపు నెడుతుందో తేల్చడం కష్టం. ఆ సంగతి అలాగే రాయండి. "అందరికీ వర్తింపజేయలేము" అనే వాక్యం కొట్టేయండి. ఎవరికి వర్తిస్తుందో చెప్పండి: బోరు నీళ్ల మీద ఆధారపడిన ఊళ్లలో ప్రభుత్వ బడులకు వెళ్లే ఈ వయసు పిల్లలకు.

పేరా కూర్పు, చోటు, మాటలు

మూడు లేదా నాలుగు పరిమితులు చాలు. అన్నిటికంటే పెద్దది ముందు రావాలి, చిన్నవి ఒకే వాక్యంలో చేరాలి. పదీ పన్నెండు వరుసగా పేర్చితే పెద్దదీ చిన్నదీ ఒకే ఎత్తులో కనబడి, చదివేవారికి ఏది ముఖ్యమో తెలియకుండా పోతుంది. పేరాను డిస్కషన్ చివరి పేరాగా పెట్టకండి. ప్రధాన ఫలితం, ఇతర అధ్యయనాలతో పోలిక అయ్యాక పరిమితులు రావాలి, వాటిని దృష్టిలో పెట్టుకుని చేసిన అన్వయం ఆ తరువాత రావాలి. అప్పుడు పరిమితులు మీ నిర్ధారణకు హద్దు గీసినట్టు ఉంటాయి. చివర పెడితే నిర్ధారణ చెప్పేశాక తలుపు దగ్గర నిలబడి క్షమాపణ అడిగినట్టు ఉంటుంది.

ఇంగ్లీషులో రాసేటప్పుడు మే, మైట్, పాసిబ్లీ అనే సందేహార్థక పదాలను ఒకే వాక్యంలో రెండుసార్లు వాడకండి. ఒక వాక్యానికి ఒక సందేహం చాలు. "దురదృష్టవశాత్తు" అనే మాట వద్దు. "మా అధ్యయనం ఈ ప్రాంతంలో మొట్టమొదటిది అయినప్పటికీ" అంటూ పరిమితి వాక్యానికి పొగడ్త తగిలించడం కూడా వద్దు. బలాలు చెప్పదలచుకుంటే విడి వాక్యంలో చెప్పండి. "మరిన్ని అధ్యయనాలు అవసరం" అనే చోట ఏ అధ్యయనమో, అది ఏ పరిమితిని తీరుస్తుందో చెప్పండి.

ఇవన్నీ కలిపితే మన ఉదాహరణకు పేరా ఇలా వస్తుంది:

"ఈ ఫలితాలను చదివేటప్పుడు మూడు విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి. మొదటిది, దంత ఫ్లోరోసిస్ ఎనామిల్ తయారయ్యే తొలి ఏళ్లలో వస్తుంది, మేము కొలిచింది 12 ఏళ్ల వయసులో ఇంట్లో తాగుతున్న నీళ్లను. బిడ్డ పళ్ల మీద మచ్చలు చూసి క్యాన్ నీళ్లకు మారిన కుటుంబాలు తక్కువ ఫ్లోరైడ్ గుంపులో చేరినందువల్ల, గుంపుల మధ్య తేడా అసలుకంటే తక్కువగా కనిపించి ఉండవచ్చు. గత నాలుగేళ్లలో మారిన 30 మందిని మినహాయించినప్పుడు నిష్పత్తి 2.2 నుంచి 2.8కి పెరిగింది. వంటకు వాడే నీళ్లను కొలవలేదు, దాని ప్రభావం పరిమాణాన్ని మా డేటాతో అంచనా వేయలేకపోయాము. రెండవది, పళ్లను పరీక్షించిన డాక్టరుకు ఊళ్ల నీటి స్థితి తెలుసు. ఇది తేలికపాటి స్థాయిల్లో తేడాను పెంచి ఉండవచ్చు. పొరపాటుకు అవకాశం తక్కువగా ఉన్న మోడరేట్, సివియర్ స్థాయిలను మాత్రమే తీసుకున్నప్పుడు కూడా నిష్పత్తి 2.9గా ఉన్నందున, తేడా మొత్తానికి ఇదే కారణం కాదని భావిస్తున్నాము. మూడవది, ప్రభుత్వ బడుల పిల్లలను మాత్రమే చూశాము కాబట్టి 45 శాతం వ్యాప్తిని జిల్లా పిల్లలందరి అంచనాగా తీసుకోరాదు. పుట్టినప్పటినుంచి ఇంటి నీటి వనరుల వివరాలు సేకరించి, ఊరి పేరు తెలియని పరీక్షకులతో ఫొటోలు చదివించే అధ్యయనం మొదటి రెండు పరిమితులను తీర్చగలదు."

ఇందులో ఒప్పుకోలు మొదటి పేరాలో ఉన్నదానికంటే ఎక్కువే ఉంది. అధ్యయనం మాత్రం బలహీనంగా కనబడదు, ఎందుకంటే ప్రతి ఒప్పుకోలు పక్కన దాని కొలతైనా ఉంది, కొలత లేదన్న మాటైనా ఉంది.

ఆబ్‌స్ట్రాక్ట్‌తో సరిపోల్చండి

పేరా పూర్తయ్యాక వెంటనే ఆబ్‌స్ట్రాక్ట్ చివరి వాక్యం, కన్‌క్లూజన్ చివరి వాక్యం పక్కపక్కన పెట్టుకుని చదవండి. పరిమితుల పేరా జాగ్రత్తగా ఉండి, ఆబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం "ఇంటి తాగునీటిని మార్చితే ఫ్లోరోసిస్ తగ్గుతుంది" అని ఉంటే, పరీక్షకుడు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే. పన్నెండేళ్ల పిల్లవాడి నీళ్లు ఇప్పుడు మార్చినంత మాత్రాన అతని మచ్చలు పోవు, మన డేటా నీళ్లు మార్చి చూసిన డేటా కూడా కాదు. మూడో మాటను ఇలా దిద్దుకోవాలి: ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకు, ఫ్లోరోసిస్‌కు ఈ పిల్లల్లో గట్టి సంబంధం కనబడింది, జోక్యం ఏదైనా ఉంటే అది ఎనామిల్ తయారయ్యే తొలి ఏళ్లలో పిల్లలున్న ఇళ్లను లక్ష్యంగా పెట్టుకోవాలి. ఆ విద్యార్థిని తన ఆబ్‌స్ట్రాక్ట్‌లో ఇలాంటి ఒక్క వాక్యాన్ని మార్చడానికి గంటసేపు నా బల్ల దగ్గర కూర్చుంది. "మేడం, ఇది చిన్నగా అయిపోయింది కదా" అని అడిగింది. "చిన్నదే అమ్మా, కానీ వైవాలో నువ్వు దీన్ని వదులుకోవలసిన పని ఉండదు" అన్నాను.

డేటా సేకరణ ఇంకా మొదలుపెట్టనివారు ఉంటే, పైన 30 మందిని విడదీసిన లెక్క ఒక్క ప్రశ్న వల్లే సాధ్యమైందని, వంట నీళ్ల లెక్క ప్రశ్న లేక ఆగిపోయిందని గమనించండి: "ఈ నీళ్లు ఎప్పటినుంచి తాగుతున్నారు, అంతకుముందు ఏ నీళ్లు, వంటకు ఏ నీళ్లు". ప్రశ్నావళిలో ఈ మూడు గడులు ఇప్పుడే చేర్చుకోండి. పళ్లు చూసే రోజున ప్రతి పిల్లవాడి ముందు పళ్లను, తుడిచి ఆరబెట్టాక, ఒకే వెలుతురులో ఫొటో తీసి, ఊరి పేరు బదులు కోడ్ నంబరు మాత్రమే వేసి భద్రపరచండి. అందుకు తల్లిదండ్రుల అనుమతి పత్రంలోనూ, ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనూ ఫొటోల సంగతి ముందే రాయాలి.